n!/n^n సున్నాకి ఎంత వేగంగా దిగుతుంది: నా అనుభవం

ముందు లిమిట్ సంగతి పక్కన పెట్టి విలువలు వేసుకున్నాను. n = 1 దగ్గర n!/n^n విలువ 1. ఆ తర్వాత 0.5, 0.2222, 0.09375, 0.0384. n = 10 కి వచ్చేసరికి 3628800 ని 10^10 తో భాగించాలి, 0.00036288 వస్తుంది. లవం, హారం విడివిడిగా లెక్కిస్తూ పోతే ఎక్కువ దూరం వెళ్లలేం. 10^100 కి లోపు సంఖ్యలనే చూపే కాలిక్యులేటర్ 69! దాకా ఇస్తుంది గానీ, 57^57 దగ్గరే ఎర్రర్ చూపిస్తుంది. అందుకే 1/n, 2/n, 3/n ... n/n అని భిన్నాలుగా విడదీసి వరసగా గుణించాను. నిరూపణకి దారి కూడా ఇందులోనే కనిపించింది.

అయితే మొదట నోటికొచ్చే వాదన ఒకటుంది: "ప్రతి భిన్నమూ 1 కంటే చిన్నదే, అలాంటివి లెక్కలేనన్ని గుణిస్తున్నాం, కాబట్టి లబ్ధం సున్నాకి పోతుంది." ఇది చెల్లదు. చివరి భిన్నం n/n ఎప్పుడూ 1 అని మరవడం చిన్న పొరపాటు. అసలు లోపం వేరే. (1 − 1/n)^n లోనూ ప్రతి కారణాంకం 1 కంటే చిన్నదే, వాటి సంఖ్యకీ హద్దు లేదు. అయినా దాని లిమిట్ 1/e, అంటే సుమారు 0.3679. కారణాంకాల సంఖ్య n తో పాటు పెరుగుతున్నప్పుడు ఒక్కోదాన్ని విడిగా చూసి లబ్ధం మీద తీర్పు చెప్పకూడదు.

సరైన దారి ఇంకా చిన్నది. మొదటి భిన్నం 1/n ని అలాగే ఉంచి, మిగతావన్నీ 1 ని మించవు అంటే చాలు:

0 < n!/n^n ≤ 1/n

రెండు వైపులా సున్నాకే పోతాయి, శాండ్‌విచ్ సిద్ధాంతంతో పని అయిపోయింది. కానీ ఈ హద్దు మరీ వదులు. n = 10 దగ్గర అది 0.1 అంటుంది, అసలు విలువ దానికి 275వ వంతు కూడా ఉండదు. అందుకే పక్కపక్క పదాల నిష్పత్తి తీశాను. (n+1)! లో ఒక n+1, హారంలోని (n+1)^(n+1) లో ఒకటి కొట్టేసుకుంటే మిగిలేది

a(n+1)/a(n) = (n/(n+1))^n = 1/(1 + 1/n)^n

చాలామంది ఇక్కడ జారిపోతారు. n/(n+1) 1 కి పోతుంది, 1 కి ఏ ఘాతమైనా 1 అని రాసేసి, నిష్పత్తి పరీక్ష ఏమీ తేల్చలేదంటారు. ఆధారం, ఘాతం రెండూ ఒకేసారి కదులుతున్నాయి కాబట్టి ఒకదాన్ని ముందు నిలబెట్టేయడం కుదరదు. లెక్క వేస్తే 0.5, 0.4444, 0.4219 అని తగ్గుతూ 1/e కి చేరుతుంది. నిష్పత్తి ఎప్పుడూ 0.5 దాటదు కనుక a(n) ≤ 1/2^(n−1) అనే బిగువైన హద్దు ఉచితంగా వచ్చినట్టే.

ఇప్పుడు ఘాతాంక వృద్ధితో పోలిక. ఆధారం స్థిరంగా ఉంటే చివరికి గెలిచేది క్రమగుణితమే, కాకపోతే ఆలస్యంగా. 10^n/n! ని చూడండి: n = 9 దాకా పెరిగి సుమారు 2756 అవుతుంది, n = 10 దగ్గర కదలదు, అక్కణ్ణుంచి దిగుతుంది. n = 24 దగ్గర ఇంకా 1.61 ఉంటుంది, 25 దగ్గరే 1 కిందికి వస్తుంది. మొదటి ఇరవై విలువలు చూసి 10^n దే పైచేయి అనుకుంటే తప్పులో కాలేసినట్టే. n^n లో ఆధారమే n తో పెరుగుతుంది, అందుకే దాని ముందు n! నిలవలేదు.

మరి ఎంత తగ్గిస్తే సరిజోడు అవుతుంది? n^n బదులు (n/c)^n తీసుకున్నాను. నిష్పత్తి c/(1 + 1/n)^n అవుతుంది, లిమిట్ c/e. c = 2 అయితే n = 10 దగ్గర విలువ 0.3716, సున్నా వైపే నడక. c = 3 అయితే అదే చోట 21.43, పైకే పోతుంది. గీత సరిగ్గా e దగ్గర ఉంది. అక్కడ నిష్పత్తి లిమిట్ 1, పరీక్ష నిజంగానే మూగబోతుంది. అయినా (1 + 1/n)^n ఎప్పుడూ e కంటే తక్కువే కాబట్టి ప్రతి నిష్పత్తీ 1 కి పైనే ఉండి, అనుక్రమం పెరుగుతూనే ఉంటుందని తెలుస్తుంది. ఆ పెరుగుదలకి హద్దుందా లేదా అన్నది మాత్రం దీనితో తేలదు, దానికి స్టిర్లింగ్ సూత్రం కావాలి: n!/(n/e)^n సుమారుగా √(2πn). n = 10 తో సరిచూశాను. ఎడమ పక్క 7.993, కుడి పక్క 7.927.