పెద్ద గడ్డను వదిలేసి చిన్నదాన్ని తీయించుకున్నాను

36 ఏళ్ల వయసులో నా గర్భసంచిలో రెండు ఫైబ్రాయిడ్ గడ్డలు ఉన్నట్టు స్కానింగ్‌లో తేలింది. ఒకటి వెనక గోడ నుంచి బయటి వైపుకు పెరిగిన ఏడు సెంటీమీటర్ల గడ్డ, రెండోది లోపలి పొర కింద ఉన్న రెండున్నర సెంటీమీటర్ల గడ్డ. రిపోర్టు చూసిన ప్రతి ఒక్కరి దృష్టీ ఏడు అన్న అంకె మీదే నిలిచింది. ఒక పాప ఉంది కదా, గర్భసంచి తీయించేసుకుంటే పీడ పోతుందని మా వైపు పెద్దవాళ్లు తేలిగ్గా అనేశారు. మన ప్రాంతంలో ఈ సలహా ఎంత సులువుగా వస్తుందో అందరికీ తెలిసిందే. నేను మాత్రం రెండో బిడ్డ కావాలనుకుంటున్నాను.

అప్పటికి చాలా నెలలుగా నెలసరి తొమ్మిది రోజుల దాకా సాగేది. రెండో రోజున గంటకో ప్యాడ్ మార్చుకోవలసి వచ్చేది, రక్తం గడ్డలుగా పడేది. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.4 ఉంది. వీటితోపాటు నడుము నొప్పి, మలబద్ధకం కూడా ఉండేవి.

"నీ రక్తస్రావానికి కారణం ఆ పెద్దది కాదమ్మా, ఈ చిన్నదే" అన్నారు డాక్టరుగారు. లోపలి పొర కింద పెరిగే గడ్డ నెలనెలా ఊడిపడే ఆ పొరను సాగదీస్తుంది, అక్కడి రక్తనాళాలను ఉబ్బిస్తుంది, గర్భసంచి సరిగ్గా ముడుచుకోకుండా అడ్డుపడుతుంది. అందుకే పరిమాణం చిన్నదైనా రక్తం ఎక్కువగా పోతుంది. బయటి వైపు గడ్డ పక్కనున్న అవయవాలను నొక్కుతుందే తప్ప సాధారణంగా నెలసరి జోలికి రాదు. నాది వెనక ఉంది కాబట్టి మలబద్ధకం, అదే ముందు వైపు ఉంటే మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి వచ్చేది. గోడ మందంలో పెరిగే మూడో రకం గడ్డలు గర్భసంచి మొత్తాన్నీ పెద్దది చేసి, రక్తస్రావాన్నీ నొప్పినీ కూడా తేగలవు.

చిన్న గడ్డ ఎంత మేరకు లోపలికి పొడుచుకొచ్చిందో చూడడానికి గర్భసంచిలోకి సెలైన్ పంపి మళ్లీ స్కానింగ్ చేశారు. సగానికి పైగా లోపలే ఉందని తేలింది. అంటే పొట్ట కోయకుండా యోనిమార్గం గుండానే దాన్ని తీయవచ్చు. సగానికి పైగా గోడలో కూరుకుపోయి ఉంటే ఈ పద్ధతి కష్టమవుతుంది, ఒక్కోసారి రెండు విడతలు పడుతుంది.

మొదట మందులే వాడాను. నెలసరి రోజుల్లో ట్రనెక్సామిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటే రక్తస్రావం కొంత తగ్గింది. ఐరన్ సెలైన్‌లో కలిపి ఎక్కించాక హిమోగ్లోబిన్ 11 దాటింది. అయితే ఆ మాత్రలు గడ్డను కరిగించవు. నెలకొకసారి ఇచ్చే హార్మోను ఇంజెక్షన్‌తో గడ్డ కుంచించుకుపోతుంది కానీ, ఆపిన కొద్ది నెలల్లోనే మళ్లీ పెరుగుతుంది. ఎక్కువ కాలం వాడితే ఎముకలు బలహీనపడతాయి. అందుకే దాన్ని సాధారణంగా ఆపరేషన్‌కు ముందు కొన్ని నెలలకే పరిమితం చేస్తారు.

గడ్డలకు రక్తం అందకుండా నాళాలను మూసేసే ఎంబోలైజేషన్ గురించి నాకు ముందే తెలుసు. మా పెద్దమ్మ కూతురు 44వ ఏట అదే చేయించుకుంది. ఆమెకు గోడలో చాలా గడ్డలున్నాయి, ఇక పిల్లలు వద్దు. గజ్జలోని ధమని గుండా సన్నని గొట్టం పంపి, గర్భసంచికి రక్తం తెచ్చే రెండు వైపుల నాళాల్లోకీ ఇసుక రేణువుల్లాంటి కణాలను వదిలారు. మొదటి రాత్రి నొప్పి తీవ్రంగా ఉంది, తర్వాత కొద్దిపాటి జ్వరం, వికారం కలిగాయి. ఆరు నెలలకు గడ్డలు దాదాపు సగానికి తగ్గాయి. నాకు అది తగదని డాక్టరుగారు చెప్పడానికి రెండు కారణాలున్నాయి: గర్భం కోరుకునేవారికి దాన్ని సాధారణంగా మొదటి ఎంపికగా సూచించరు, పైగా లోపలి గడ్డ చచ్చుబడ్డాక ముక్కలుగా ఊడి బయటికి రావచ్చు, అది చిక్కుకుంటే ఇన్ఫెక్షన్ సోకుతుంది. కొన్ని వారాల తర్వాత జ్వరం పెరిగి దుర్వాసనతో స్రావం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని మా అక్కకు కూడా చెప్పి పంపారు.

పెద్ద గడ్డను కూడా తీసేయమని అడిగాను. దానికి లాపరోస్కోపీతో గర్భసంచి గోడను కోసి కుట్టవలసి వస్తుందని, కోత లోతైతే తర్వాతి కాన్పుకు సిజేరియన్ తప్పకపోవచ్చని, బయటి గడ్డ గర్భధారణకు పెద్దగా అడ్డు రాదని వివరించారు. మలబద్ధకాన్ని ఆహారంతో, మందుతో సర్దుకోగలను కాబట్టి దాన్ని వదిలేయడమే సబబనిపించింది.

మత్తు ఇచ్చి, గర్భసంచిని సెలైన్‌తో ఉబ్బించి, కెమెరాతో చూస్తూ విద్యుత్తు తీగతో గడ్డను పొరలు పొరలుగా కోసి తీశారు. లోపలికి పోసిన ద్రవానికీ బయటికొచ్చిన ద్రవానికీ తేడాను ఆపరేషన్ జరిగినంతసేపూ లెక్కగడతారట. శరీరం రెండున్నర లీటర్లకు మించి పీల్చుకుంటే, గడ్డ మిగిలి ఉన్నా అక్కడికి ఆపేయాలి. నాది ఒక్క విడతలోనే పూర్తయింది. మర్నాడే ఇంటికి పంపారు. రెండు వారాలు కొద్దికొద్దిగా రక్తం కనిపించింది. బయాప్సీలో మామూలు ఫైబ్రాయిడే అని వచ్చింది. తర్వాత మళ్లీ కెమెరాతో చూసి, లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కోలేదని నిర్ధారించారు.

ఇప్పుడు నెలసరి ఐదు రోజుల్లో ముగుస్తోంది, హిమోగ్లోబిన్ 12 దగ్గర నిలిచింది. పెద్ద గడ్డ అలాగే ఉంది. ఏడాదికోసారి స్కానింగ్‌లో కొలుస్తున్నారు. గర్భం వస్తే దానికి రక్తం చాలక మధ్యలో తీవ్రమైన నొప్పి రావచ్చని, అలాంటప్పుడు ఎక్కువగా విశ్రాంతితో, నొప్పి మందుతోనే తగ్గుతుందని, ఆపరేషన్ అవసరం అరుదని డాక్టరుగారు ముందే చెప్పి ఉంచారు.