చైనీస్ చెక్కర్స్: నేను నిచ్చెన కట్టడం నేర్చుకున్న తీరు

మా బాబాయితో ఇద్దరమే ఆడేవాళ్లం, చెరో పది గోలీలు, నక్షత్రం బోర్డులో ఎదురెదురు కొమ్మలు. ఆయన వెనక గోలీ ఒకటి పక్కనున్న గోలీ మీదుగా అవతలి ఖాళీ గుంటలోకి, అక్కణ్నుంచి ఇంకోదాని మీదుగా, ఇలా ఒక్క ఎత్తులో టపటపా దూకి నడిబోర్డు దాటేసేది, నేనేమో ఒక్కో గుంట జరుపుకుంటూ ఉండేదాన్ని. ఆ దారి ఎలా పడుతుందో చూద్దామని ఒకరోజు బోర్డు మీద ఒకే గీత వెంట గుంటలకు 1 నుంచి 9 వరకు మనసులో అంకెలు వేసుకున్నాను.

2, 4, 6లో నా గోలీలు పెట్టి 3, 5, 7 ఖాళీగా ఉంచితే, 1లో ఉన్న గోలీ మూడు గెంతుల్లో 7కి వస్తుంది. నిచ్చెన అంటే ఇంతే. దూకినప్పుడల్లా రెండు గుంటలు దాటుతాం కాబట్టి 1లో మొదలైన గోలీ ఈ గీత మీద ఎప్పుడూ బేసి గుంటలోనే దిగుతుంది. వెనక ఉన్న గోలీ సరి గుంటలో పడితే, ఎదురుగా ఎంత మంచి నిచ్చెన ఉన్నా ముందు ఒక గుంట జరపాల్సిందే. అందుకే ఇప్పుడు నిచ్చెన కట్టేముందు వెనక గోలీలు ఎక్కడున్నాయో చూసుకుంటాను. దూకి వచ్చిన గోలీని తర్వాతి ఎత్తులో 7 నుంచి 8కి జరిపితే నిచ్చెనకు ఇంకో మెట్టు వచ్చినట్టే.

అయితే 8 కూడా పడ్డాక అదే నిచ్చెన అవతలివాళ్లకీ దారి అవుతుంది, ఎందుకంటే ఎవరి గోలీ మీద నుంచైనా దూకొచ్చు. 9లోకి బాబాయి గోలీ వచ్చిందంటే 7, 5, 3 మీదుగా నేరుగా నా గోలీలు బయల్దేరిన ఇంటి కొమ్మ వైపు దిగిపోతుంది. దీన్ని ఆపడానికి ఇంట్లో ఒక గోలీని కాపలాగా వదిలేస్తే చివర్లో దానికి మెట్లు ఉండవు, ఒంటరిగా ఒక్కో గుంట నడవాలి, అది చాలా ఖరీదు. నేను చేసేది వేరు. 8 పడ్డాక 1 నుంచి దూకిన తర్వాతి గోలీని 7లోనే ఆపేస్తాను. 7, 8 పక్కపక్కనే నిండాయి కాబట్టి జంట మీదుగా ఆయన దూకలేడు. ఆ గెంతు ఎలాగూ నేను వేయాల్సిందే, అడ్డు కోసం విడిగా ఎత్తు ఖర్చు కాలేదు. నా తర్వాతి గోలీలు 5 వరకైనా వస్తాయి, అక్కణ్నుంచి పక్క గీతలోకి మళ్లిస్తాను. ఆయన గోలీ పక్కకు జరిగి 9 ఖాళీ అయితే, 7లో ఉన్నది 8 మీదుగా వెంటనే దూకేస్తుంది. కానీ ఆయన పక్క గీతలో మరో దారి కట్టుకుంటున్నాడని కనిపిస్తే ఆ అడ్డుకు పనిలేదు, నేను అక్కడ కూర్చోను.

విప్పేటప్పుడు కింది మెట్టు ముందు తీయాలి. 2లోది 3కి జరిగితే మిగతా మెట్ల మీదుగా 9కి చేరుతుంది, తర్వాత 4లోది 5కి జరిగి అలాగే వెళ్తుంది, ఈలోగా 9లోకి చేరినదాన్ని ముందుకు జరిపి చోటు చేస్తే చాలు. మధ్యలోని 4ని ముందు లాగేస్తే మాత్రం 2లోది వెనకే చిక్కుకుపోయి, 6 పక్కకు చేరడానికే మూడు ఎత్తులు నడుస్తుంది.