పాత సర్వర్, కొత్త యాప్

ఈ దేశానికి వచ్చిన రెండో ఏడు అది. నేను పనిచేసే యాప్‌లో కూలీలు రోజూ షిఫ్ట్ గంటలు ఎక్కిస్తారు, దాని లెక్కనే జీతం పడుతుంది. నా పక్క గదిలో ఉండే తమ్ముడూ అదే వాడతాడు. ఒక ఆదివారం వచ్చి ఫోన్ చూపించాడు. "అన్నా, నిన్న పదకొండు గంటలు చేశాను. ఇందులో సున్నా ఉంది."

శుక్రవారమే యాప్ కొత్త వెర్షన్ 2.9.0 వదిలాం. అది నేను రాసిన కోడే.

మా యాప్ ఫోన్‌లోని స్టోర్ నుంచి దానంతటదే అప్‌డేట్ అవుతుంది. సర్వర్ మాత్రం ఒక్కో కంపెనీ సొంతంగా నడుపుకుంటుంది, ఏడాదికోసారి మారిస్తే గొప్ప. 2.9.0 గంటల్ని `/api/v2/shifts` కి పంపేది. తమ్ముడి కంపెనీ సర్వర్‌లో ఉన్నది v1 మాత్రమే. ఆ దారే లేదు కాబట్టి సర్వర్ 404 ఇచ్చింది. యాప్‌లో 404 అంటే "ఈ ఎంట్రీని సర్వర్‌లో తీసేశారు" అని రాసి ఉంది. అందుకని ఫోన్‌లో ఉన్న కాపీని కూడా చెరిపేసింది. ఫిర్యాదులన్నీ పాత సర్వర్లున్న చోట్ల నుంచే రావడంతో కారణం తేలిగ్గానే దొరికింది.

2.10.0లో రెండు మార్పులు చేశాను. లాగిన్‌లో యాప్ ముందు సర్వర్ వెర్షన్ అడుగుతుంది. ఆ ప్రశ్నకే 404 వస్తే అది పాత సర్వరని అర్థం, అక్కడ v1తోనే మాట్లాడుతుంది. ఇక జవాబులో మా సొంత ఎర్రర్ కోడ్ ఉంటే తప్ప ఏ ఎంట్రీనీ చెరపదు, మళ్లీ పంపడానికి దాచుకుంటుంది.

2.9.0 వాళ్లను బలవంతంగా అప్‌డేట్ చేయించాలని మా కాన్ఫిగ్ ఫైల్లో కనీస వెర్షన్ 2.10.0 అని పెట్టాం. ఒక్క ఫోన్‌లో కూడా అప్‌డేట్ స్క్రీన్ రాలేదు. పాత యాప్ వెర్షన్లను అంకెలుగా కాకుండా అక్షరాలుగా పోలుస్తోంది:

```
"2.9.0" < "2.10.0"   // false
```

9 అనే అక్షరం 1 కన్నా పెద్దది కాబట్టి, తానే కొత్తదాన్నని 2.9.0 అనుకుంటోంది. ఆ కోడ్ జనం ఫోన్లలో ఉంది, ఇక్కడ కూర్చుని దాన్ని సరిచేయలేం. అప్పుడు మా సీనియర్ కనీస వెర్షన్ 2.9.1 అని పెట్టమంది. అక్షరాల లెక్కలో 2.9.0 దానికన్నా చిన్నది కాబట్టి స్క్రీన్ వస్తుంది. 2.10.0లో పోలికను అంకెల లెక్కకు మార్చేశాం కాబట్టి అది ఆగదు. ముందు 2.10.0 స్టోర్‌లో అందరికీ చేరే దాకా ఆగాం. లేకపోతే స్క్రీన్ దారి మూసేస్తుంది, స్టోర్‌లో అప్‌డేట్ బటన్ ఉండదు, మనిషి మధ్యలో ఇరుక్కుపోతాడు.

చెరిగిపోయిన గంటలు యాప్‌లోంచి తిరిగి రాలేదు. గేటు దగ్గరి రిజిస్టర్లు తెప్పించి, ఒక్కొక్కరి పేరు వెతికి చేత్తో ఎక్కించాం. తమ్ముడి పదకొండు గంటలు నేనే ఎక్కించాను.