‘బోతున్నాను’ అని రాసిన మెయిల్

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆఫీసులో ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, కానీ రాసేటప్పుడు మనసులో ముందు తెలుగు వాక్యమే వస్తుంది. పోయిన మే నెలలో సెలవు కోసం రాసిన ఒక మెయిల్ వల్ల అది ఎక్కడ దెబ్బ కొడుతుందో తెలిసింది.

జూన్ 10 నుంచి సెలవు కావాలి. ‘ఐ యామ్ అబౌట్ టు గో ఆన్ లీవ్ ఫ్రమ్ జూన్ 10’ అని రాశాను. పది నిమిషాల్లో మా సీనియర్ మేడమ్ నా సీటు దగ్గరికొచ్చి, “ఏమ్మా, ఇప్పుడే వెళ్ళిపోతున్నావా?” అని అడిగారు. నాకు అర్థం కాలేదు. ఆవిడే కూర్చుని చెప్పారు. తెలుగులో ‘వెళ్ళబోతున్నాను’ అనేది ఈ క్షణానికీ సరిపోతుంది, వచ్చే నెలకీ సరిపోతుంది. ‘అబౌట్ టు’ మాత్రం చెప్పు కాలికి వేసుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషి మాట. దాని పక్కన తేదీ పెట్టకూడదు. ముందే ఖరారైన తేదీ ఉంటే ‘డ్యూ టు’ వాడాలి: ‘మై లీవ్ ఈజ్ డ్యూ టు స్టార్ట్ ఆన్ జూన్ 10.’

నాకు ‘డ్యూ టు’ అంటే ‘వల్ల’ అనే తెలుసు. తేడా పట్టుకోవడం సులువేనన్నారు: తర్వాత ‘రెయిన్’ లాంటి నామవాచకం వస్తే కారణం, ‘స్టార్ట్’ లాంటి క్రియ వస్తే షెడ్యూలు.

రెండో వాక్యం ఇంకా ఇబ్బంది పెట్టింది. జూన్ 10కి నేను ఇక్కడ చేరి ఐదేళ్లవుతుంది. ‘ఐ విల్ బీ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అని రాశాను. అలా రాస్తే ఇక ముందు ఐదేళ్లు పనిచేస్తానని అర్థమట! ఇప్పటికే మొదలై, ఆ తేదీ దాకా సాగుతున్న పని కాబట్టి ‘బై జూన్ 10, ఐ విల్ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అనాలి. మన ‘10కి’లోని ‘కి’ ఇక్కడ ‘బై’, ‘ఐదేళ్లు’ ముందు ‘ఫర్’. ఈ రెండూ కనిపిస్తే దాదాపు ఈ రూపమే. ఉత్సాహంలో ‘విల్ హావ్ బీన్ నోయింగ్’ అని కూడా రాయబోయాను. ‘తెలుసు’ అనే అర్థమున్న ‘నో’ లాంటి క్రియలకు ‘ఇంగ్’ కుదరదు, అక్కడ ‘విల్ హావ్ నోన్’ చాలు.

అప్పుడే ఒక పాత సంగతి గుర్తొచ్చింది. మార్చిలో వచ్చిన సర్క్యులర్‌లో ‘ఆల్ స్టాఫ్ ఆర్ టు సబ్మిట్ బిల్స్ బై ఫ్రైడే’ అని ఉంటే, అందరూ ఇస్తారట అని చదువుకుని ఊరుకున్నాను. నా బిల్లు ఆగిపోయింది. అది సమాచారం కాదు, ఆదేశం. మన పాత జీవోల్లోని ‘సమర్పించవలెను’. పేపర్ హెడ్డింగుల్లో ‘పీఎం టు విజిట్’ అన్నదీ ఇదే రూపం, కాకపోతే అక్కడ ‘ఈజ్’ ఎగిరిపోయి కార్యక్రమం ఖరారైందని చెబుతుంది.

మెయిల్ తిరగరాసి పంపాను. సాయంత్రం మేనేజర్ గారి జవాబు ఒకే లైను: ‘యు ఆర్ టు హ్యాండ్ ఓవర్ ద ఫైల్స్ బై జూన్ 8.’ వెంటనే లేచి బీరువా తాళం తీశాను.