మింగిన ‘న’, మింగిన దీర్ఘం

షార్జాలో మా గదిలో నాలుగు మంచాలు. నాది నల్గొండ జిల్లా దేవరకొండ. మిగతావి తెనాలి, కడప, శ్రీకాకుళం. ఓ రోజు పొద్దున కిటికీలోంచి చూసి ‘‘బస్సు డ్రైవర్ వచ్చిండు’’ అన్నాను. ‘‘వచ్చిండు ఏంట్రా, వచ్చాడు అను’’ అని తెనాలివాడు నవ్వాడు. నాకు మండింది.

కడప అన్న తెలుగు ఎం.ఏ. చదివి ఇక్కడ స్టోర్ కీపర్‌గా చేస్తున్నాడు. బూట్ల లేసులు కట్టుకుంటూనే తీర్పు చెప్పాడు: ‘‘పాతమాట వచ్చినాడు. మేమింకా అట్లే అంటాం. మీరిద్దరూ మింగినోళ్లే. వాడు ‘న’ మింగి వచ్చాడు అన్నాడు, నువ్వు దీర్ఘం మింగి వచ్చిండు అన్నావు.’’

ఇద్దరం మింగినా ఎర్ర సిరా పడింది మాకే. ఆరో తరగతిలో ‘మా తాత పొలం దున్నిండు’ అని రాస్తే సారు చివరి మాటకు సున్నా చుట్టాడు. ఆ వెంటనే తలుపు వైపు తిరిగి ‘‘గంట కొట్టిండారా?’’ అని అడిగాడు. ఆయనదీ మా పక్క ఊరే.

అదెట్లా జరిగిందో రాత్రిళ్లు కడప అన్నే విడమర్చి చెప్పేవాడు. గ్రాంథికం వదిలి వాడుక భాషలో రాయాలని గిడుగు రామమూర్తి పోరాడాడు. కానీ రాతలోకి వచ్చింది అందరి వాడుకా కాదు, ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల మాట. పత్రికలు, పాఠ్యపుస్తకాలు ఎక్కువగా వాళ్ల చేతుల్లోనే ఉండేవి. అప్పుడు మా వైపు నిజాం రాజ్యం. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో చదువు ఉర్దూలో. 1956లో రాష్ట్రాలు కలిసేనాటికి బడి తెలుగు అచ్చు తయారై ఉంది, మేము అందులో కూర్చోవాల్సి వచ్చింది.

మా ఉమ్మడి నల్గొండ జిల్లాదంతా ఒకే యాస అని కూడా కాదు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సాగర్ కాలువ కింద గుంటూరు, కృష్ణా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లున్నారు. అక్కడి సంతలో రెండు రకాలూ వినిపిస్తాయి.

ఒకప్పుడు సినిమాల్లో మా యాస ఎక్కువగా రౌడీకి, కమెడియన్‌కే. 2014లో తెలంగాణ వచ్చాక హీరోలూ మాట్లాడుతున్నారు. మా తెనాలివాడు ఇప్పుడు ‘‘ఏందిరా భై’’ అంటూ రీల్స్ చేస్తున్నాడు. యాసకు గిరాకీ పెరిగింది సరే, అది నోటి దగ్గరే ఆగింది. మొన్న మావాళ్లు బతుకమ్మకు వేసిన కరపత్రంలో కూడా ‘విచ్చేస్తున్నారు’ అనే ఉంది. అంతెందుకు, ఇదంతా నేనూ ‘అన్నాడు, చేశాడు’ అనే రాస్తున్నాను. చెయ్యి అట్లనే తిరిగింది.

నిన్న రాత్రి అమ్మ ఫోన్ చేసింది.

‘‘ఎప్పుడొస్తవ్ బిడ్డా?’’

‘‘టికెట్ తీసుకున్నానమ్మా, పండక్కి వస్తాను.’’

కాసేపు ఆగి, గొంతు తగ్గించి అడిగింది:

‘‘పక్కన ఎవరన్న ఉన్నరా?’’