తిరుమల పట్టికలో లేని గడి

మా ఐదుగురి తిరుమల ప్రయాణానికి పట్టిక నేనే వేశాను. 300 రూపాయల దర్శనం టికెట్లు ఐదు, 1,500. ఉదయం 10కి ప్రవేశం, 1కి కొండ దిగే బస్సు, 3:30కి తిరుపతిలో రైలు. చూడడానికి ముచ్చటగానే ఉంది.

టికెట్ మీద ఉండేది క్యూలోకి వెళ్లే సమయమే, బయటపడే సమయం కాదు. దర్శనమయ్యేసరికి 1:30 అయింది. ఆపైన లడ్డూల వరుస, అప్పగించిన ఫోన్లు తీసుకోవడం, అమ్మ చెప్పులు వెతకడం. వీటిలో దేనికీ పట్టికలో గడి లేదు. బస్సు ఎక్కేసరికే 3 దాటింది, ఘాట్ రోడ్డు దిగడానికి మరో గంట దాకా పట్టింది. రైలు వెళ్లిపోయింది. రాత్రి బస్సుకు మళ్లీ ఐదు టికెట్లు.

“దేవుడికి మూడు గంటలే ఇచ్చావురా” అన్నారు నాన్న.

ఈసారి తిరుగు రైలు రాత్రి 9 తర్వాతిదే.