చివరి నెల చీటీ ఎత్తితే నిజంగా పడిన వడ్డీ ఎంత: నా అనుభవం

లక్ష రూపాయల చీటీ, 20 మంది, 20 నెలలు, నెలకు 5,000. పాటలో నేను దిగలేదు, ఆఖరి చీటీ నాదే. డబ్బు చేతికొచ్చింది కాబట్టి లెక్క తేల్చి రాస్తున్నాను.

మొదటి నెల చీటీ కంపెనీది. 2 నుంచి 9వ నెల దాకా పాట 30,000 తగ్గింపుకు పోయింది. అందులో కమీషన్ 5,000 పోగా మిగిలిన 25,000ను 20 మందికి పంచితే తలా 1,250 డివిడెండ్. అది మరుసటి నెల కిస్తీలో తగ్గుతుంది. తర్వాత అయిదు పాటలు 20,000కు, ఆఖరి అయిదు 10,000కు పోయాయి. అంటే నేను కట్టింది రెండు నెలలు 5,000, ఎనిమిది నెలలు 3,750, అయిదు నెలలు 4,250, అయిదు నెలలు 4,750. మొత్తం 85,000. కమీషన్ పోగా రావాల్సింది 95,000.

ఏజెంటు మాత్రం డివిడెండ్ 15,000 చూపించి అదంతా లాభమే అంటాడు. నమ్మకండి, అందులో 5,000 చివర్లో కమీషన్‌గా పోతుంది. నికర లాభం 10,000. అలాగని పదివేలను 85,000తో భాగించి ఏడాదికి 7 శాతమే అనుకోవడమూ తప్పే. మొదటి కిస్తీ 20 నెలలు వాళ్ల దగ్గరుంది, చివరిది ఒక్క నెలే. ఏ కిస్తీ ఎన్నాళ్లు ఉందో దాన్నిబట్టే వడ్డీ లెక్కగట్టాలి.

ఎక్సెల్‌లో B2 నుంచి B21 దాకా కట్టిన కిస్తీలను మైనస్ గుర్తుతో, B22లో 95000 వేసి ఇది కొట్టండి:

```
=(1+IRR(B2:B22))^12-1
```

నా లెక్కకు 13.6 శాతం వచ్చింది. చివరి కిస్తీ కట్టిన నెలకే డబ్బు వస్తే వచ్చే రేటు అది. కమీషన్ మీద జీఎస్టీ కూడా కోస్తే ఆ మేరకు 95000లో తగ్గించి వేయాలి.

నాకు నెలకు రాలేదు. బ్రాంచిలో జామీనుదారుల్ని తెమ్మన్నారు, వాళ్ల జీతం పత్రాలు తెమ్మన్నారు. జామీను అడిగేది చీటీ ఎత్తుకున్నాక మిగతా కిస్తీలు ఎగ్గొడతారేమోనని. అన్ని కిస్తీలూ కట్టేసినవాడు ఇంకేం ఎగ్గొడతాడు? అప్పు కోసం వచ్చినవాడిలా కౌంటర్ ముందు నిలబెట్టి, పై ఆఫీసు నుంచి చెక్కు రావాలంటూ తిప్పారు. డబ్బు మూడు నెలలకు వచ్చింది. B22, B23లో సున్నాలు పెట్టి 95000ను B24కు మార్చి, ఫార్ములాలో B22ను B24 చేస్తే రేటు 11.4కు పడిపోయింది. పాటలో పైసా మారలేదు, రెండు నెలల ఆలస్యమే రెండు శాతానికి పైగా తినేసింది. అందుకే చివరి కిస్తీ కట్టేరోజే చెక్కు కోసం అర్జీ రాసిచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

గ్రూపులో డబ్బు అవసరం ఉన్నవాళ్లు ఉండి పాట గట్టిగా సాగితేనే ఆఖరివాడికి ఈ రేటు. అన్ని పాటలూ 5,000 కమీషన్ దగ్గరే ఆగితే డివిడెండే ఉండదు, లక్ష కట్టి 95,000 తెచ్చుకోవాలి. చేరేముందు అదే బ్రాంచిలో ముగిసిన చీటీ పాటల పట్టిక అడిగి, ఆ అంకెలతో ఈ లెక్క వేసి చూడండి.